కిస్తీల మీద బోరు మోటారు అమ్మేటప్పుడు ఆగిన డబ్బుకు ధర కట్టడం ఎలా

దేవరకొండ వైపు మే నెలలో మోటారు షాపు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ సన్నివేశం తెలుసు. బోరులో నీళ్లు కిందికి దిగిపోతాయి. పాత మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుంది. రైతు మధ్యాహ్నం ఎండలో వచ్చి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, కొత్త సెట్టు ధర అడుగుతాడు. చెప్పగానే కొంతసేపు మాట్లాడడు. తర్వాత అంటాడు: "బిడ్డా, ఇప్పుడు ఇరవై వేలు ఉన్నాయి. మిగతాది పత్తి వచ్చాక ఇస్తాను."

"సరే కాకా, తీసుకుపో" అనడం సులువు. మొదటి రెండేళ్లు నేనూ అలాగే అన్నాను. నగదు ధరకే ఉద్దెర ఇచ్చాను. ఏడాది చివర పుస్తకం చూస్తే అమ్మకాలు బాగానే ఉన్నాయి, రావలసిన డబ్బూ చాలావరకు వచ్చింది. అయినా హోల్‌సేల్ వ్యాపారికి కట్టడానికి చేతిలో డబ్బు లేదు. ఎవరూ ఎగ్గొట్టకుండానే నష్టం ఎలా వచ్చిందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. డబ్బు వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి నేను ధర కట్టలేదు, అంతే.

ఇక్కడ రాసేది ఆ ధర కట్టే పద్ధతి. ఉదాహరణకు ఒకే ఒక సెట్టును మొదటి నుంచి చివరి దాకా తీసుకుంటాను. అంకెలు లెక్క తేలికగా సాగడానికి ఎంచుకున్నవి. మీ బిల్లులో ఉన్నవి వాటి స్థానంలో పెట్టుకోండి.

ముందు నగదు ధరను విప్పి చూసుకోండి

మోటారు, పంపు, ప్యానెల్ బోర్డు, కేబుల్, పైపులు అన్నీ కలిపి ఒక సెట్టు. మీకు హోల్‌సేల్‌లో పడింది 44,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 7,920. అంటే మీరు కట్టింది 51,920. మీరు అమ్మేది 50,000కు, పన్ను 9,000తో కలిపి 59,000కు. మీరు వసూలు చేసిన 9,000లో ముందే కట్టిన 7,920 పోగా, ప్రభుత్వానికి ఇంకా 1,080 కట్టాలి. కాబట్టి ఈ సెట్టు కోసం మీ జేబులోంచి పోయేది 51,920కి 1,080 కలిపి 53,000. నగదుకు అమ్మితే మిగిలేది 6,000. షాపు అద్దె, పనిపిల్లవాడి జీతం, కరెంటు అన్నీ అందులోంచే.

ఇక్కడ చాలామంది జారిపోయే మెట్టు ఒకటుంది. వస్తువుల మీద జీఎస్టీ మీకు డబ్బు అందినప్పుడు కాదు, బిల్లు ఇచ్చినప్పుడే పుడుతుంది. నెలనెలా రిటర్ను వేసేవారైతే వచ్చే నెల 20వ తేదీలోపు మొత్తం పన్ను కట్టేయాలి. రైతు ఆరు నెలల్లో ఇస్తాడు కదా, పన్నూ ఆరు ముక్కలుగా కడతానంటే కుదరదు. కాబట్టి కిస్తీ అమ్మకంలో మీరు రైతుకు సరుకు మాత్రమే కాదు, అతని తరఫున పన్ను కూడా ఉద్దెర ఇస్తున్నారు.

మీ డబ్బుకు నెలకు అద్దె ఎంత?

ఊళ్లో వడ్డీ అనగానే, మన దగ్గర మిత్తి అంటారు, "నూటికి రెండు" అని నోటికి వస్తుంది. అది వడ్డీ వ్యాపారి రేటు, మీ రేటు కానక్కరలేదు. మీ రేటు తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ డబ్బు రైతు దగ్గర కాకుండా నా దగ్గరే ఉంటే ఏం చేసేవాణ్ణి?

బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చేవాణ్ణి అంటే, ఏడాదికి 12 శాతం కడుతున్నవాడికి నెలకు నూటికి రూపాయి పడుతుంది. బయట ఫైనాన్సులో రెండు రూపాయలకు తెచ్చిన అప్పు ఉంటే మీ రేటు రెండు. ఈ రెండూ లేని షాపులో కూడా ఒక ఖర్చు దాక్కుని ఉంటుంది. అది క్యాష్ డిస్కౌంటు. మా హోల్‌సేల్ వ్యాపారి ఏడు రోజుల్లో కడితే నూటికి రెండు తగ్గిస్తాడు, లేకపోతే 45 రోజుల గడువు ఇస్తాడు. 45 రోజుల గడువు వినడానికి బాగుంటుంది. కానీ ఏడో రోజు దాటాక మిగిలింది 38 రోజులే. ఆ 38 రోజులు ఆగినందుకు నేను పోగొట్టుకునేది నూటికి రెండు రూపాయలు. రెండును 38తో భాగించి 30తో గుణిస్తే నెలకు దాదాపు రూపాయి 60 పైసలు. ఆ గడువు ఉచితమని నేను చాలా కాలం అనుకున్నాను. నిజానికి బ్యాంకు అప్పు కన్నా అదే ఖరీదు.

మీకున్న వాటిలో ఏది ఎక్కువో అదే మీ రేటు. ఎందుకంటే చేతికి డబ్బు వస్తే ముందు తీర్చుకునేది ఆ ఖరీదైన దాన్నే. నా రేటు నూటికి నెలకు 1.60. అంటే వెయ్యి రూపాయలు ఒక నెల ఆగితే 16 రూపాయలు. ఈ 16 అన్న అంకెను గోడ మీద రాసి పెట్టుకోవచ్చు, ఇక్కడి నుంచి లెక్కంతా దానితోనే.

వెయ్యి-నెలల లెక్క

పెద్ద సూత్రాలు, కంప్యూటర్ పట్టికలు అవసరం లేదు. మన పెద్దలు వడ్డీ కట్టిన పద్ధతే చాలు, దాన్ని సరైన చోట వాడాలి. ప్రతి కిస్తీకీ అది ఎన్ని వేలో, ఎన్ని నెలలు ఆగుతుందో చూసి రెండింటినీ గుణించండి. వచ్చినదాన్ని నేను వెయ్యి-నెలలు అంటాను. అన్ని కిస్తీల వెయ్యి-నెలలూ కూడి 16తో గుణిస్తే ఆగిన డబ్బుకు ధర వస్తుంది.

పాడి ఉన్న రైతును తీసుకుందాం. అతనికి పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది కాబట్టి నెలనెలా కట్టగలడు. ధర 59,000. అడ్వాన్సు 20,000. మిగిలిన 39,000 ఆరు కిస్తీలు, ఒక్కొక్కటి 6,500.

మొదటి 6,500 ఒక నెల ఆగుతుంది, రెండోది రెండు నెలలు, ఇలా ఆరోది ఆరు నెలలు. ఒకటి నుంచి ఆరు వరకు కూడితే 21. ఆరున్నర వేలను 21తో గుణిస్తే 136.5 వెయ్యి-నెలలు. దాన్ని 16తో గుణిస్తే 2,184 రూపాయలు.

ఇదే లెక్కను చాలా షాపుల్లో ఎలా చేస్తారో చూడండి. బాకీ 39 వేలు, ఆరు నెలలు, కాబట్టి 234 వెయ్యి-నెలలు, 16 చొప్పున 3,744. ఇందులో తప్పేమిటంటే, రైతు మొదటి నెలలోనే 6,500 తిరిగి ఇచ్చేశాడు, అయినా ఆ డబ్బు మీద కూడా ఆరో నెల దాకా వడ్డీ వేస్తున్నారు. నిజంగా ఆగిన డబ్బు సగటున మూడున్నర నెలలే ఆగింది. "నూటికి రూపాయి అరవైయే" అని చెప్పి ఇలా కడితే అసలు పడే రేటు 2.70 దాటుతుంది. ఇది న్యాయం కాదన్నది ఒక మాట. వ్యాపారానికీ మంచిది కాదన్నది ఇంకో మాట. పక్క షాపువాడు సరైన లెక్క కడితే మీ కన్నా 1,500 తక్కువకు చెప్పగలడు, అప్పుడు బాగా కట్టే రైతులు అతని దగ్గరికి, మిగతావాళ్లు మీ దగ్గరికి వస్తారు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. నా జేబులోంచి పోయింది 53,000, అందులో 20,000 వచ్చింది, ఆగింది 33,000 కదా, 39,000 మీద ఎందుకు కట్టాలి? మిగతా 6,000 నా లాభం మాత్రమే కదా అని. కానీ అద్దె ఒకటో తేదీన కట్టాలి. జీతం ఆగదు. ఆ 6,000 కూడా ఆ నెలలోనే ఖర్చయ్యే డబ్బు. అందుకే మొత్తం బాకీ మీదే కడతాను.

పత్తి రైతుకు వేరే లెక్క

పత్తి రైతును నెలనెలా కట్టమనడం అర్థం లేని పని. అతనికి నెల జీతం లేదు. బలవంతంగా ఒప్పుకున్నా, రెండో కిస్తీకే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లి మీకు తెచ్చి ఇస్తాడు, నాలుగో కిస్తీకి మీ ఫోను ఎత్తడు. కిస్తీ తేదీలు అతని చేతికి డబ్బు వచ్చే తేదీల వెంట నడవాలి.

మే ఆఖరున సెట్టు తీసుకున్నాడు. అదే 20,000 అడ్వాన్సు. బాకీలో 20,000 నవంబరు ఆఖరున, 19,000 జనవరి ఆఖరున. మొదటిది ఆరు నెలలు ఆగుతుంది: 120 వెయ్యి-నెలలు. రెండోది ఎనిమిది నెలలు: 152. మొత్తం 272. పదహారుతో గుణిస్తే 4,352.

పాడి రైతుది 2,184, ఇతనిది 4,352. బాకీ ఒకటే, రేటు ఒకటే, కిస్తీలు ఆరుకు బదులు రెండే. అయినా ఆగిన డబ్బు ఖరీదు దాదాపు రెట్టింపు. "రెండు కిస్తీలే కదా" అని ఇద్దరికీ ఒకే ధర చెప్పే షాపులో పాడి రైతు కట్టే డబ్బుతో పత్తి రైతు ఉద్దెర నడుస్తుంటుంది. నా మొదటి రెండేళ్లలో జరిగింది సరిగ్గా ఇదే, కాకపోతే నేను పాడి రైతు దగ్గర కూడా ఏమీ తీసుకోలేదు.

తేదీ పెట్టేటప్పుడు పత్తి ఏరిన రోజును కాదు, డబ్బు ఖాతాలో పడే రోజును చూడండి. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. 12 శాతం వరకు కోత పెట్టి కొంటారు, అది దాటితే వెనక్కి పంపుతారు. అక్టోబరులో వాన పడిందంటే మొదటి ఏరుడు పత్తి ఇంట్లోనే ఆరుతూ ఉంటుంది. దసరాకు కిస్తీ రాసుకున్నవాడు దీపావళి దాకా తిరగవలసి వస్తుంది. వరి రైతుకైతే కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక డబ్బు పడేదాకా వ్యవధి లెక్కలోకి తీసుకోవాలి. ప్రభుత్వం నుంచి వచ్చే పెట్టుబడి సాయాన్ని నమ్ముకుని కిస్తీ తేదీ రాయకండి. ఆ డబ్బు వచ్చే తేదీ మీ చేతిలోనూ లేదు, రైతు చేతిలోనూ లేదు.

మునిగేది, తిరిగేది, మళ్లీ పన్ను

ఆగిన డబ్బుకు ధర వేరు, రాని డబ్బుకు ధర వేరు. రెండింటినీ ఒకే "వడ్డీ"లో కలిపేస్తే ఏది ఎంతో మీకే తెలియకుండా పోతుంది. పాత పుస్తకం తీసి ఎన్ని సెట్లు కిస్తీల మీద ఇచ్చారో, ఎంత మునిగిందో చూడండి. నలభై సెట్లు ఇస్తే ఒకరి దగ్గర 18,000 పోయిందనుకుందాం. సెట్టుకు 450 పడుతుంది. వసూలుకు తిరిగే పెట్రోలు, పోయే పూట కలిపి ఒక్కో ఖాతాకు 300 అనుకుందాం. కొత్తగా మొదలుపెట్టేవారికి పాత పుస్తకం ఉండదు. వారు మొదటి ఏడాది మునిగేదానికి దీని కన్నా ఎక్కువే వేసుకోవాలి, ఎందుకంటే మొదట వచ్చే గిరాకీలో వేరే షాపుల్లో ఉద్దెర పుట్టనివారు ఉంటారు.

పాడి రైతు విషయంలో 2,184కి 450, 300 కలిపితే 2,934.

ఇంకా అయిపోలేదు. "వడ్డీ మీద జీఎస్టీ లేదు కదా" అని చాలామంది అంటారు. బ్యాంకు, ఫైనాన్సు కంపెనీ ఇచ్చే అప్పు మీద వడ్డీకి అది నిజం. కానీ సరుకు అమ్మినవాడే ఆలస్యానికి తీసుకునే డబ్బు, పేరు ఏది పెట్టినా, సరుకు ధరలో భాగమే. జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ అదే చెబుతుంది. 2019 జూన్ 28న వచ్చిన 102వ సర్క్యులర్‌లో సెల్‌ఫోను ఉదాహరణ కూడా ఇచ్చారు: 40,000 ఫోనును నెలకు 11,000 చొప్పున నాలుగు కిస్తీల్లో అమ్మితే, అమ్మినవాడే వడ్డీకి వేరే బిల్లు రాసినా లాభం లేదు, అది ఫోను ధరలోకే వస్తుంది. కాబట్టి మనకు 2,934 మిగలాలంటే దాని మీద 18 శాతం కలిపి 3,462 తీసుకోవాలి. ఈ మెట్టు మరిచిపోయినవాడికి అందులో 450 దాకా పన్నుకే పోతుంది. అంటే మునిగేదానికని పక్కన పెట్టిన భాగం మొత్తం మాయం.

59,000కి 3,462 కలిపితే 62,462. అందులో 20,000 పోతే 42,462. ఆరుతో భాగిస్తే 7,077. చిల్లర లేకుండా 7,100 చేస్తాను. కిస్తీ ధర 62,600 అవుతుంది. పత్తి రైతుకు అదే పద్ధతిలో 4,352కి 750 కలిపి, పన్ను వేస్తే 6,020. నవంబరులో 23,000, జనవరిలో 22,100 అని రాస్తాను. కిస్తీ ధర 65,100.

షాపులో రెండు ధరలూ పక్కపక్కనే రాసి పెట్టండి: నగదుకు 59,000, ఆరు నెలల కిస్తీకి 62,600, పత్తి కిస్తీకి 65,100. "వడ్డీ లేని కిస్తీలు" అని బోర్డు పెట్టి అందరికీ 62,600 చెప్పడం ఒక ఎత్తుగడ. నేను దాన్ని నమ్మను. నగదు తెచ్చేవాడు నల్గొండలో నాలుగు షాపులు అడిగి వస్తాడు, మీ దగ్గర ఎక్కువని తెలిసి వెళ్లిపోతాడు. చివరికి మీ షాపుకు ఉద్దెర గిరాకీ మాత్రమే మిగులుతుంది.

లాభం ఏ కిస్తీలో ఉంది?

ఇది కాగితం మీద వేసి చూసుకున్న రోజున నా కళ్లు తెరుచుకున్నాయి. పాడి రైతు సెట్టునే చూద్దాం. కిస్తీ ధరకు బిల్లు వేస్తే పన్ను కొంచెం పెరిగి మీ జేబు ఖర్చు 53,549 అవుతుంది. అడ్వాన్సు 20,000 పోతే బయట ఉన్న మీ సొంత డబ్బు 33,549. మొదటి కిస్తీ వచ్చాక 26,449. రెండోదానికి 19,349. మూడోదానికి 12,249. నాలుగోదానికి 5,149. ఐదో కిస్తీ అందితే తప్ప మీ పెట్టుబడి తిరిగి రాదు. అందులో 1,951 లాభం వైపు వస్తుంది, మిగతా లాభమంతా ఆరో కిస్తీయే.

"ఐదు కట్టాడు, మంచివాడే, చివరిది ఇస్తాడులే" అని వదిలేసే కిస్తీలోనే మీ అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు ఉన్నాయి. వసూలు పట్టు మొదట్లో గట్టిగా ఉండి చివరికి సడలడం అందరి అలవాటు. నిజానికి తలకిందులుగా ఉండాలి.

అడ్వాన్సు ఎంత ఉండాలన్నది కూడా ఈ వరసను బట్టే తేల్చాలి. అడ్వాన్సు 10,000కి తగ్గిస్తే బయట 43,000 పైగా ఉంటుంది, ఐదో కిస్తీ కూడా దాదాపు మొత్తం పెట్టుబడికే పోతుంది. నగదు ధరలో మూడో వంతు అడ్వాన్సు లేనిదే నేను సెట్టు బయటికి పంపను. అడ్వాన్సు తేలేనివాడికి కిస్తీ పొడిగించడం కన్నా, పాత మోటారు రీవైండింగ్ చేసి ఇవ్వడం అతనికీ మేలు, మీకూ మేలు.

బోరులో దిగిన మోటారు తాకట్టు కాదు

"కట్టకపోతే మోటారు పీకేస్తాం" అని కొందరు బెదిరిస్తారు. రెండు కారణాల వల్ల ఇది ఖాళీ మాట. బిల్లు ఇచ్చి సరుకు అప్పగించాక, వేరే ఒప్పందం లేకపోతే, వస్తువు యాజమాన్యం కొన్నవాడిదే. డబ్బు రాలేదని సరుకును పట్టి ఉంచే హక్కు అది మీ చేతిలో ఉన్నంతవరకే. రైతు పొలంలోకి వెళ్లి స్టార్టరు విప్పుకొస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్లవలసింది మీరే. రెండోది, మూడు వందల అడుగుల లోతు నుంచి మోటారు తీయాలంటే మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి. ఇంతా చేసి బయటికి వచ్చేది వాడిన మోటారు. సగం ధర కూడా పలకదు. పైగా పంట ఎండుతుంది, ఆ ఊళ్లో మీరు మళ్లీ ఒక్క సెట్టు అమ్మలేరు.

కాబట్టి మీకు ఆధారం అడ్వాన్సు, జామీను మనిషి, కాగితం. కాగితం మీద ఇవి ఉండాలి: నగదు ధర, కిస్తీ ధర, ప్రతి కిస్తీ తేదీ, మొత్తం, ముందే కడితే తగ్గింపు, ఆలస్యమైతే అదనం. దానితోపాటు బాకీకి రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రామిసరీ నోటు. రైతుకు చదివి వినిపించండి, నకలు ఇవ్వండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకోవద్దు. గొడవ కోర్టుకు వెళ్తే అవి మీ మాట బరువును తగ్గిస్తాయి.

బాకీ దావాకు గడువు మూడేళ్లు, డబ్బు ఇవ్వవలసిన తేదీ నుంచి. గడువు దాటకముందే రైతు కొంత కట్టి, ఆ చెల్లింపును తన చేత్తో రాసినా, రాసినదాని కింద సంతకం చేసినా మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. అందుకే నా పుస్తకంలో ప్రతి కిస్తీ పక్కన నా చేవ్రాలు కాదు, కట్టినవారి చేవ్రాలు ఉంటుంది. ఫోనులో పంపినవారు కూడా తర్వాతిసారి షాపుకు వచ్చినప్పుడు ఆ వరసలో సంతకం పెట్టాలి.

ఈ సరుకుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మోటారు కాలితే కిస్తీ ఆగుతుంది. మూడో నెలలో ఫోను వస్తుంది: "బిడ్డా, మోటారు తిరగడం లేదు. బాగయ్యాకే డబ్బు." వారంటీ కంపెనీది, ఉద్దెర మీది, రైతు దృష్టిలో మాత్రం రెండూ ఒకటే. దీనికి కాగితం సగమే పనిచేస్తుంది. వారంటీ మరమ్మతు వేరు, కిస్తీ వేరు అని రాయండి, కానీ కిస్తీల మీద ఇచ్చిన మోటారు ఫిర్యాదు వచ్చిన రోజే మనిషిని పంపండి. నీళ్లు లేకపోయినా ఉత్తినే తిరిగి కాలకుండా డ్రై రన్ రక్షణ ఉన్న ప్యానెల్ బోర్డును కిస్తీ సెట్లకు తప్పనిసరి చేశాను. దాని ధర సెట్టులోనే కలిపి చెబుతాను, వద్దంటే నగదుకు మాత్రమే అమ్ముతాను. కాలిన మోటార్లు తగ్గాయి, ఆగిన కిస్తీలూ తగ్గాయి.

ముందే కడితే, ఆలస్యమైతే

మూడో కిస్తీతోపాటు మిగతా మూడూ ఒకేసారి కట్టేస్తానని పాడి రైతు వస్తే ఏం చేయాలి? నాలుగోది ఒక నెల, ఐదోది రెండు, ఆరోది మూడు నెలలు ముందే వచ్చాయి. ఆరు నెలలను ఆరున్నర వేలతో గుణిస్తే 39 వెయ్యి-నెలలు, 16 చొప్పున 624. దాని మీద వేసిన పన్నుతో కలిపి 736. నేను 700 తగ్గిస్తాను. ఈ తగ్గింపు అమ్మకానికి ముందే ఒప్పందంలో రాసి ఉంటే, బిల్లుకు జతగా క్రెడిట్ నోటు ఇచ్చి ఆ మేరకు పన్ను సర్దుకోవచ్చు. తగ్గింపు ఇవ్వకపోతే ముందే కట్టగలిగినవాడు కూడా కట్టడు, మీ డబ్బు ఆగే ఉంటుంది.

ఆలస్యానికి కూడా అదే 16. ఒక కిస్తీ నెల ఆగితే 7.1 వేలకు 114 రూపాయలు, పన్నుతో 134. ఇంత తక్కువకు ఎవరు భయపడతారని అడుగుతారు. భయపెట్టడానికి కాదు, ఆగిన డబ్బుకు ధర ఇంతే కాబట్టి ఇంతే. ఐదు వందల జరిమానా రాసుకుంటే కట్టలేనివాడు కిస్తీతోపాటు జరిమానాకూ భయపడి షాపు ముందు నుంచి వెళ్లడమే మానేస్తాడు. ఆలస్యపు డబ్బు మీద పన్ను మాత్రం అది చేతికి వచ్చినప్పుడు కడితే చాలు.

ఒక రోజు ఆలస్యమైందని ఫోను చేయను. వారం చూస్తాను. కానీ రెండో కిస్తీ వారం దాటితే అదే రోజు మనిషి వెళ్తాడు. మొదటి కిస్తీ మొహమాటంతో అందరూ కడతారు. ఎవరు కడతారో, ఎవరు కట్టరో రెండోది చెబుతుంది.

ఎన్ని సెట్ల దగ్గర ఆపాలి?

నెలకు మూడు సెట్లు ఆరు నెలల కిస్తీల మీద ఇస్తూ పోతే ఏమవుతుందో పై వరసే చెబుతుంది. ఒక్కో సెట్టుకు బయట ఉన్న సొంత డబ్బు 33,549, 26,449, 19,349, 12,249, 5,149. ఆరో నెలకు ఈ అన్ని దశల్లోనూ మూడేసి సెట్లు ఉంటాయి. ఐదూ కూడితే 96,745. మూడు సెట్లకు దాదాపు 2 లక్షల 90 వేలు. ఇది ఒకసారి పెట్టి తీసేసుకునే డబ్బు కాదు, ఈ వ్యాపారం నడిచినంత కాలం బయటే ఉండే డబ్బు. అంత సొమ్ము లేనివారు నెలకు ఒక సెట్టుతో ఆగాలి.

పత్తి కిస్తీలు ఇంకా కఠినం. మేలో, జూన్‌లో ఇచ్చినవన్నీ నవంబరు దాకా ఒక్క రూపాయి తేవు. ఒక్కో సెట్టుకు దాదాపు 34,000 చొప్పున పది సెట్లు ఇస్తే 3 లక్షల 40 వేలు ఆరు నెలలు కదలదు. పైగా వాన తప్పితే పది మందికీ ఒకేసారి తప్పుతుంది. పాడి రైతులు పది మంది ఉంటే ఒకరికి కష్టం వచ్చినా తొమ్మిది మంది కడతారు. ఒకే మండలంలో పత్తి రైతులు పది మంది అంటే ఖాతాలు పది, ఆపద ఒక్కటే. అందుకే ఒక ఊరికి మూడు పత్తి ఖాతాలు దాటనివ్వను.

ఆ పరిమితి దాటి గిరాకీ వస్తే ఫైనాన్సు కంపెనీ ద్వారా ఇవ్వడమే మేలు. వాళ్లు మీకు నగదు ధరలో కొంత కోత పెట్టి మొత్తం వెంటనే ఇస్తారు. ఆ కోత మీ కిస్తీ లెక్కలో వచ్చిన 2,934 కన్నా తక్కువైతే సొంత ఉద్దెర మానేసి వాళ్లకే పంపండి. ఎక్కువైనా, మే నెలలో చేతికి వచ్చిన నగదుతో ఇంకో సెట్టు తెచ్చి అమ్మగలనా అని చూసుకోండి. పడమటి మండలాల్లో పనికోసం వలస వెళ్లే కుటుంబాలకు ఫైనాన్సువాళ్లు సాధారణంగా ఇవ్వరు. వాళ్లకు నేను ఊళ్లోనే ఉండే అన్నదమ్ముల్లో ఒకరి జామీనుతో, వాళ్లు ఊరికి తిరిగి వచ్చే నెలకు ఒకే కిస్తీ పెట్టి ఇస్తాను.

నా కిస్తీ పుస్తకంలో చివరి గడి ఒకటుంది. నెల మొదటి తేదీన బయట ఉన్న సొంత డబ్బు మొత్తం అందులో రాస్తాను. ఆ అంకె మూడు లక్షలు దాటిన నెలలో ఎవరు అడిగినా, మేనమామ కొడుకు అడిగినా, చెప్పేది నగదు ధర ఒక్కటే.